బొమ్మల మోడల్‌కి పెడన పాఠం

పామర్రు నుంచి బందరు వెళ్లి, పక్కనే ఉన్న పెడనలో కాలు పెడితే అద్దకం షెడ్లు కనిపిస్తాయి. టేకు అచ్చు, నల్లని అంచు గీత, చెట్ల రంగులు... చూడగానే 'ఇది మన బందరు కలంకారీ' అనేస్తాం. అదే మాట కంప్యూటర్‌తో అనిపించాలంటే?

మాటల్లో చెబితే బొమ్మ గీసే 'స్టేబుల్ డిఫ్యూజన్' 2022 ఆగస్టులో అందరికీ అందింది. 'కలంకారీ నెమలి' కావాలంటే నెమలి బాగానే వస్తుంది. అద్దకం మాత్రం బందరుదో, కాళహస్తిదో తెలియని కలగాపులగం! అలాగని ఆ మోడల్‌ని మళ్లీ మొదట్నుంచీ చదివించాలంటే మనలాంటివాళ్ల తరమా? దాని జ్ఞానమంతా కోట్ల అంకెల్లో ఉంటుంది మరి.

ఇక్కడే 'లోరా' అక్కరకొస్తుంది. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు భాషా మోడల్స్ కోసం కనిపెట్టిన చిట్కా ఇది. తర్వాత బొమ్మలకీ పాకింది. మోడల్‌లో 640 వరసలు, 640 గళ్లు ఉన్న ఓ అంకెల పట్టిక ఉందనుకోండి. మొత్తం 4,09,600 అంకెలు. లోరా వాటిలో ఒక్కదాన్నీ ముట్టుకోదు. పక్కన రెండు సన్నటి పట్టికలు పెడుతుంది. ఒకటి 640 వరసలు, 8 గళ్లు. రెండోది 8 వరసలు, 640 గళ్లు. రెండింటినీ గుణిస్తే మళ్లీ పెద్ద పట్టికంతే అవుతుంది. దాన్ని అసలు దానికి కలిపేస్తే సరి. నేర్పాల్సిన అంకెలు 10,240... అంటే నలభయ్యో వంతు! కొత్త శైలికి కావాల్సిన మార్పు చాలావరకూ ఆ కాస్తలోనే ఇమిడిపోతుంది. అందుకే అసలు మోడల్ కొన్ని గిగాబైట్లయితే, ఈ అడాప్టర్ కొన్ని మెగాబైట్లలో సరిపోవచ్చు. వద్దనుకుంటే తీసేయొచ్చు, అచ్చు పక్కన పెట్టినట్టే.

నేర్పడానికి ముప్పై నలభై మంచి ఫొటోలు చాలు. కష్టమంతా వాటి కింద రాసే వివరణలోనే. 'నెమలి, తీగ, ఎర్ర నేపథ్యం' అని కనిపించేవన్నీ రాసి, మోడల్‌కి తెలియని ఓ మాట జోడించాలి. పేరున్నవన్నీ వాటి పేర్లకి అంటుకుంటే, పేరులేని శైలి ఆ కొత్త మాటకి అంటుకుంటుంది. నెమలి అని రాయడం మరిచారా, కొత్త మాట అన్నప్పుడల్లా నెమలే దిగొచ్చు!

అతిగా నేర్పినా చిక్కే. శైలి బదులు ఆ ఫొటోలనే బట్టీ పట్టేస్తుంది. కనిపెట్టడం తేలిక: ఫొటోల్లో లేనిది అడగండి. 'ఆర్టీసీ బస్సు' అంటే కలంకారీ గీతల్లో బస్సొస్తే పాఠం ఒంటబట్టినట్టు. బస్సు కిటికీల్లోనూ నెమళ్లూ తీగలే వస్తే బట్టీయే. అప్పుడు తక్కువసేపు నేర్పిన కాపీ వాడాలి, లేదా అడాప్టర్ బలాన్ని 1 నుంచి 0.7కి తగ్గించి చూడాలి.

ఇంకో సంగతి. ఈ అడాప్టర్ ఏ మోడల్ మీద నేర్చుకుందో దానికీ, దాని నుంచి పుట్టిన మోడల్స్‌కీ సరిపోతుంది. పట్టికల కొలతలు వేరైన మోడల్‌కి తగిలిస్తే అతకదు. పైగా అది నేర్చేది చూపు మాత్రమే. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ, పటికతో పట్టే ఎరుపు దానికి తెలియవు. అంచుకి అంచు కలిసే డిజైనూ దానంతటదే రాదు. తెరమీది బొమ్మని అచ్చుగా చెక్కించాలంటే గీతల్ని మళ్లీ చేత్తో సరిచేయాల్సిందే. అన్నట్టు, ఆ ఫొటోలు ఎవరి డిజైన్లవో వాళ్లని ముందే అడగడం మర్యాద కదూ!