‘ఇతర ఖర్చులు’ అనే గుంతలో మన కష్టాన్ని మనమే పూడుస్తున్నాం



మన సాయంత్రం బడి అప్లికేషన్ తిరిగొచ్చింది కదా. ‘వాళ్ల ఫారం మనలాంటోళ్ల కోసం కాదు, టౌన్‌లో ఎవరికైనా డబ్బులిచ్చి రాయిద్దాం’ అని గ్రూపులో కొందరు అంటున్నారు. మేం ఒప్పుకోం. తప్పు ఫారంలో లేదు, మన లెక్క పేర్చిన తీరులో ఉంది.

మనం గూడేల వారీగా రాశాం. ఒక్కో గూడేనికి 61,000, మూడింటికి 1,83,000 రూపాయలు. ఇందులో 30,000 ‘ఇతర ఖర్చులు’. చదివేవాళ్లకు అదేంటో ఎలా తెలుస్తుంది? అనుమానమే మిగులుతుంది.

హాస్టల్లో కూర్చుని ఆ 30,000 విప్పి చూశాం. గూడేలకు తిరిగే ఛార్జీలు 9,000, శిక్షణ రోజుల భోజనాలు 6,000, పుస్తకాలు మోసిన ఆటో 3,000, ఆడిట్ 12,000. దొంగ లెక్క ఒక్కటీ లేదు. పేరు పెట్టకపోవడమే మన తప్పు.

తర్వాత ప్రతి ఖర్చు పక్కన ఫారంలోని పద్దు పేరు రాసి, ఒకే పద్దువి కలిపాం. సిబ్బంది 1,20,000, సోలార్ దీపాలు పరికరాల కింద 9,000, పుస్తకాలు, పలకలు ఆటోతో కలిపి సామగ్రి 27,000, ప్రయాణం 9,000, శిక్షణ 6,000, పరిపాలన 12,000. మొత్తం మళ్లీ 1,83,000. ఒక్క రూపాయి తేడా వచ్చినా ఏదో ఒకటి రెండుసార్లు పడిందనో, జారిపోయిందనో అర్థం.

ఇక వివరణ. ‘ప్రయాణం చాలా అవసరం’ అని రాస్తే అది బతిమాలడం. ఇలా రాయాలి: ‘సమన్వయకర్త నెలకు రెండుసార్లు ఒక్కో గూడెం వెళ్లి హాజరు, చదువు చూస్తారు. 3 గూడేలు, 10 నెలలు, 60 రాకపోకలు, ఒక్కోదానికి జీపు ఛార్జీ 150.’ ఎవరు, ఎందుకు, ఎన్ని, ఎంత రేటు. రెండు వాక్యాలు చాలు.

‘సేవ కదా, టీచర్ల 4,000 తీసేస్తే బడ్జెట్ చిన్నగా కనబడుతుంది’ అనే అన్నలకు ఒక మాట. ఆ జీతమే బడి. ముగ్గురు పది నెలలు చెప్పకపోతే దీపాలు ఎవరి కోసం? పైగా జీతాలన్నీ పరిపాలనలో వేయడం ఇంకో తప్పు. విదేశీ నిధులైతే 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పాఠం చెప్పేవాళ్ల జీతం కార్యక్రమం ఖర్చు. సరిగ్గా వేస్తే మన పరిపాలన ఏడు శాతం కూడా లేదు.

గూడేల వారీ పట్టికను పారేయొద్దు. గ్రామసభలో లెక్క చెప్పేది దాంతోనే. ఫారం వాళ్లకు, పట్టిక మనకు, మొత్తం రెండింట్లో ఒకటే. టౌన్‌లో రాయించుకుంటే, రేపు ఫోన్ చేసి ‘ఈ 150 ఏంటి’ అని అడిగితే మనలో ఎవరు చెప్తారు?