పెన్నుతో గొంతు పొడిచే సినిమా వైద్యం మనకొద్దు

పెళ్లి భోజనాల దగ్గర ఒకాయనకు ఊపిరాడదు. హీరో పరుగున వచ్చి జేబులోంచి బాల్‌పెన్ను తీసి, రీఫిల్ పారేసి, ఖాళీ గొట్టాన్ని ఆయన గొంతులో గుచ్చుతాడు. ఆయన లేచి కూర్చుంటాడు. ఇలాంటి సీన్లు చూసినవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అవసరమైతే మేమూ అలా చేయొచ్చా డాక్టర్‌గారూ?" చేయకూడదు. ఎందుకు చేయకూడదో తెలియాలంటే ముందు ఆ గొంతులో ఏముందో చూడాలి.

మీ చూపుడు వేలిని గదవ కింద నుంచి గొంతు మధ్యగా మెల్లగా కిందికి జార్చండి. ముందుకు పొడుచుకొచ్చిన ఒక గట్టి ముడి తగులుతుంది. గుటక వేస్తే అది పైకి లేచి మళ్లీ దిగుతుంది. అదే థైరాయిడ్ మృదులాస్థి. డాలు ఆకారంలో ఉండే ఈ మెత్తటి ఎముకకు, థైరాయిడ్ గ్రంథికి పేరులోనే పోలిక. గ్రంథి ఇంకాస్త కింద ఉంటుంది. మగవాళ్లలో ఈ డాలు రెండు రెక్కలూ దగ్గరగా, సుమారు 90 డిగ్రీల కోణంలో కలుస్తాయి కాబట్టి ముడి బయటికి కనిపిస్తుంది. ఆడవాళ్లలో ఆ కోణం సుమారు 120 డిగ్రీలు. అందుకే వాళ్లకు ముడి చేతికి అంత తేలిగ్గా అందదు. వేలిని ఇంకొంచెం జార్చితే ఒక చిన్న మెత్తటి పల్లం, దాని కింద మళ్లీ గట్టిగా ఒక ఉంగరం తగులుతాయి. ఆ ఉంగరం క్రికాయిడ్ మృదులాస్థి. శ్వాసనాళం దారి మొత్తంలో చుట్టూ పూర్తిగా మూసుకున్న ఉంగరం ఇదొక్కటే. దీని కింద వచ్చేవన్నీ వెనకవైపు తెరిచి ఉన్న గుర్రపు నాడాల్లాంటివి.

స్వరతంతువులు ఈ డాలు లోపల ఉంటాయి. రెండూ ముందువైపు డాలు లోపలి గోడకు ఒకేచోట అతుక్కుని, వెనకవైపు క్రికాయిడ్ మీద కూర్చున్న రెండు చిన్న మృదులాస్థులకు కట్టి ఉంటాయి. ఆ చిన్నవి తిరిగితే తంతువులు దూరం జరిగి ఊపిరికి దారి ఇస్తాయి, దగ్గరకు వచ్చి మాటకు కంపిస్తాయి. పైన ఉపజిహ్విక అనే మూత ఉంటుంది. అద్దంలో కనిపించే కొండనాలుక ఇది కాదు. కొండనాలుక అంగిలి చివర వేలాడుతుంది, ఉపజిహ్విక నాలుక మొదట్లో కంటికి కనిపించనంత లోపల ఉంటుంది. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, ఈ మూత వంగుతుంది, తంతువులు మూసుకుంటాయి. నమిలే నోటితోనే నవ్వినా, మాట్లాడినా సరిగ్గా ఈ వరస తప్పుతుంది.

త్రిపురారంలో ఒక పెళ్లి విందు అనుకుందాం. యాభై ఏళ్ల మనిషి మటన్ ముక్క సరిగా నమలకుండానే ఏదో మాటకు నవ్వాడు. ముక్క స్వరతంతువుల మధ్య బిగుసుకుంది. ఆయన గట్టిగా దగ్గుతున్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే, దగ్గనివ్వండి. నీళ్లు తాగించకండి. మాట రాకుండా, దగ్గు కూడా రాకుండా గొంతు పట్టుకున్నాడంటే దారి పూర్తిగా మూసుకుంది. తంతువులు పలకాలంటే గాలి వాటి మధ్య నుంచి వెళ్లాలి కదా. ఇక మెదడు దెబ్బతినకుండా ఉండేది కొద్ది నిమిషాలే. మిర్యాలగూడ ఆసుపత్రి ఆ నిమిషాల్లో చేరే దూరం కాదు.

కాబట్టి మొదటి వైద్యుడు పక్కన కూర్చున్న బంధువే. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు ఆయన్ను ముందుకు వంచి, రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో పట్టుకుని లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే ముక్కను కింది నుంచి తంతుంది. ముక్క బయటపడేదాకా ఈ ఐదూ ఆ ఐదూ మార్చి మార్చి చేయాలి. గర్భిణులకు పొట్ట మీద కాకుండా ఛాతీ మీద నొక్కాలి. ఏడాదిలోపు పిల్లలకూ పొట్ట నొక్కకూడదు, వీపు మీద చరుపులు, ఛాతీ మీద నొక్కులే. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. నోట్లో ముక్క కనిపిస్తేనే తీయాలి. కనిపించకుండా వేలు పెట్టి గెలికితే అది ఇంకా లోపలికి దిగుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే? డాక్టర్ ముందుగా ల్యారింగోస్కోప్‌తో లోపలికి చూసి, పొడవాటి పట్టకారుతో ముక్క తీయడానికి ప్రయత్నిస్తారు. అదీ కుదరక, మాస్క్‌తో గాలి పంపినా వెళ్లకపోతే అప్పుడు మెడ మీద కోత పెడతారు. ఇందాక వేలికి తగిలిన మెత్తటి పల్లం ఆ కోత కోసమే ఉన్నట్టుంటుంది. డాలుకూ ఉంగరానికీ మధ్య అక్కడ ఒక పలుచటి పొర మాత్రమే ఉంది. పెద్దవాళ్లలో దాని ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు, వెడల్పు రెండుమూడు. స్వరతంతువులు దానికి దాదాపు సెంటీమీటరు పైన ఉంటాయి. అడ్డు తంతువుల దగ్గరుంటే ఈ రంధ్రం దానికి దిగువన పడుతుంది. ఇంకా కింద, శ్వాసనాళం మీద పెట్టే ట్రెకియాస్టమీ సావకాశంగా ఆపరేషన్ థియేటర్లో చేయాల్సింది. అక్కడ థైరాయిడ్ గ్రంథి అడ్డంగా పడుకుని ఉంటుంది, రక్తం ఎక్కువ పోతుంది.

దీనికి కావలసినవి మూడు: ఒక వెడల్పాటి సర్జికల్ బ్లేడు, బూజీ అనే వంగే పొడవాటి ప్లాస్టిక్ కడ్డీ, 6 మిల్లీమీటర్ల గొట్టం. ఎడమ చేత్తో స్వరపేటికను కదలకుండా పట్టుకుని, పొరలోకి బ్లేడును అడ్డంగా దింపి, పదును కాళ్లవైపు వచ్చేలా తిప్పుతారు. బ్లేడు ఆసరాతో బూజీని లోపలికి జార్చి, దాని మీదుగా గొట్టాన్ని ఎక్కిస్తారు. లావు మెడలో పల్లం చేతికి దొరక్కపోతే ముందు నిలువుగా పొడవాటి కోత పెట్టి వేళ్లతో వెతకాలి. గొట్టం శ్వాసనాళంలోకి కాక చర్మం కిందికి దూరితే మెడ బుడగలా ఉబ్బుతుంది, ఛాతీ కదలదు. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కనిపిస్తేనే సరైన చోట ఉన్నట్టు.

ఇక పెన్ను సంగతి. గొట్టం లోపలి వెడల్పు సగమైతే గాలికి అడ్డు సగం కాదు, సుమారు 16 రెట్లు పెరుగుతుంది. పెన్ను గొట్టం చాలా సన్నం, మొన మొద్దు. బలవంతంగా గుచ్చితే పొర పక్కకు జారి మెడ రక్తనాళాల్లోకో, వెనక అన్నవాహికలోకో పోతుంది. చిన్నపిల్లల్లో ఆ పొర ఎంత చిన్నదంటే, ఎనిమిదేళ్లలోపు వాళ్లకు మేమే బ్లేడుతో కోయడానికి జంకుతాం. పైగా వేరుశనగ పలుకో సీతాఫలం గింజో స్వరపేటిక దాటి ఊపిరితిత్తి గొట్టంలోకి దిగితే మెడ మీద కోత వల్ల లాభం లేదు. దాన్ని బ్రాంకోస్కోపీతో తీయాల్సిందే.

2022 నవంబరులో వరంగల్‌లో ఎనిమిదేళ్ల బాలుడు బడిలో చాక్లెట్ గొంతుకు అడ్డుపడి చనిపోయాడు. 2024 నవంబరులో సికింద్రాబాద్‌లో ఒక విద్యార్థి మధ్యాహ్న భోజనంలో పూరీ ఇరుక్కుని పోయాడు. రెండుసార్లూ వార్త చదివి అయ్యో అనుకున్నాం. నా దృష్టిలో చేయాల్సినవి రెండున్నాయి. బళ్లలో టీచర్లకు, వంట సిబ్బందికి ఏడాదికోసారి వీపు చరుపులు, పొట్ట నొక్కులు చేతులతో చేయించి నేర్పాలి. పోస్టరు అంటిస్తే చాలదు. త్రిపురారం లాంటి మండల కేంద్రాల ఆరోగ్య కేంద్రంలో ఆ బ్లేడు, బూజీ, గొట్టం ఒకే కవరులో, చేతికందేచోట, గోడకు వేలాడాలి. అల్మారాలో తాళం వేసిన సామాను ఆ నిమిషాల్లో పనికిరాదు.

నేర్చుకోవడానికి ఖరీదైన బొమ్మలూ అక్కర్లేదు. మటన్ కొట్టులో అడిగితే మేక గొంతుక ఇస్తారు. అందులోనూ ఇదే డాలు, ఇదే ఉంగరం, మధ్యలో ఇదే పొర ఉంటాయి. దాని మీద మూడు నెలలకోసారి డ్యూటీ డాక్టరు, నర్సు కలిసి సాధన చేయడానికి అరగంట చాలు.