ఎంటర్ కొడితే కవిత అయిపోదు



ఉగాదికి మనవాళ్ళు చదివిన వచన కవితలు విన్నాక ఒక పెద్దాయన, "ఇదంతా వచనాన్ని ముక్కలు చెయ్యడమే. వచ్చే ఏడాది పద్యాలే తీసుకుందాం" అన్నారు. అందులో సగం నిజమే. మిగతా సగంతోనే నాకు పేచీ.

నిజం ఎంతో నేను చదివిందే చెబుతుంది:

మా నాన్న
మునిగుడ స్టేషన్లో
పనిచేసేవారు
ఆయన పోయాక
ఇల్లు
బోసిపోయింది

దీన్ని ఒకే వరసలో కలిపి చదవండి. ఏమైనా పోయిందా? ఏమీ పోలేదు. చుట్టాలకి రాసే ఉత్తరంలో వాక్యంలాగే ఉంది. పైగా "బోసిపోయింది" అని నేనే చెప్పేశాను, వినేవాళ్ళకి ఏమీ మిగల్చలేదు.

ఇంటికెళ్ళి మళ్ళీ రాశాను:

పాసింజరు వచ్చింది, వెళ్ళింది
మేకుకి నాన్న చొక్కా
చొక్కా జేబులో విజిలు
ఇంట్లో ఎవరూ
దాన్ని ఊదరు

గొప్ప కవితని కాదు, తేడా చూడమంటున్నాను. "ఇంట్లో ఎవరూ" దగ్గర ఆగితే మనసు "లేరు" అని పూరించుకుంటుంది. తర్వాతి పాదం దాన్ని మార్చేస్తుంది. కలిపి రాస్తే ఆ క్షణం ఉండదు. మన వచనంలో వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. ఇక్కడ రెండు పాదాలు చొక్కా మీదా, విజిలు మీదా ఆగిపోయాయి కాబట్టి చూపు ఆ వస్తువుల మీదే నిలుస్తుంది. ఒక పాదం చివరి "చొక్కా" తర్వాతి పాదానికి మొదలైంది. పద్యం చదువుకున్నవారు దాన్ని ముక్తపదగ్రస్తం అంటారు. అంటే ఛందస్సు వదిలినా పద్యం పనిముట్లన్నీ వదిలెయ్యక్కర్లేదు.

మాటలు మామూలువి కావడం కూడా తప్పు కాదు. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టిన కుందుర్తి ఆంజనేయులు గారు వాడుక భాషనే కోరారు, వచన కవితలో కథ కూడా చెప్పొచ్చన్నారు. సాదా మాటల వల్ల కవిత చెడదు. విరుపుకి కారణం లేకపోతే చెడుతుంది.

ఈ పరీక్షకీ హద్దుంది. కలిపి రాసినా పోలిక బలంతోనో, లయతోనో నిలిచే కవితలున్నాయి. అలాంటివాటిని తోసెయ్యకూడదు. అలాగే యతిప్రాసలు కుదిరినంత మాత్రాన పద్యం కవిత్వమైపోదు. ఇంటి అడ్రసుని ఆటవెలదిలో పెట్టినా అది అడ్రసే.

అందుకే పెద్దాయనకి నా మనవి: వచన కవితకి తలుపు వెయ్యకండి. బడిలో ఒడియా చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలకి గణాలు రావు, విజిలు మోత మాత్రం తెలుసు. రాసినవాళ్ళు ఇచ్చే ముందు ఒకసారి పాదాలన్నీ కలిపి, పైకి చదువుకుంటే చాలు. ఏమీ పోలేదనిపిస్తే, నాలాగే ఇంటికెళ్ళి మళ్ళీ రాయాలి.