బ్రౌనీ టైము టిన్నులో ఉంది

ఏ బ్రౌనీ రెసిపీ తిరగేసినా చివర్లో దాదాపు ఒకటే మాట ఉంటుంది. 175 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ఆ మాట పట్టుకుని చేస్తే ఒకరింట్లో మధ్య ముక్క చాక్లెట్ ముద్దలా మెత్తగా, సాగుతూ వస్తుంది. ఇంకొకరింట్లో అదే రెసిపీ పొడిపొడిగా, టీలో ముంచుకుంటే తప్ప దిగనట్టు వస్తుంది. మైదా అదే, చాక్లెట్ అదే, గుడ్లూ అవే. ఇంక చేసేదేముంది, "నా చేతికి బేకింగ్ రాదు" అనేసుకుంటారు. పాపం చేతి తప్పేం లేదండీ. చాలాసార్లు తేడా టిన్నులో ఉంటుంది.

అసలు ఈ 175 ఎక్కడిదంటే, బ్రౌనీ అమెరికా వంటకం. అక్కడి ఓవెన్లు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. వాళ్లు 350 అని రాసుకున్నది మన సెల్సియస్‌లోకి వస్తే 175 చిల్లర. ఆ 25 నిమిషాలు కూడా వాళ్ల ఇళ్లలో మామూలుగా ఉండే 8 అంగుళాల చదరపు టిన్నుకి. మన దగ్గర ఉండేది చిన్న ఓటీజీ, అందులోకి పట్టే 6 లేదా 7 అంగుళాల గుండ్రటి కేకు టిన్ను. రెసిపీలోంచి టైము తీసుకుని టిన్నుని వదిలేస్తున్నామన్నమాట.

ముందు ఒక లెక్క పెట్టుకుందాం. నేను వాడే కొలతలు ఇవి: వెన్న 115 గ్రాములు, డార్క్ చాక్లెట్ 115, పంచదార 200, గుడ్లు రెండు, మైదా 65, కోకో పొడి 20, చిటికెడు ఉప్పు, ఒక టీస్పూన్ వెనిలా. బేకింగ్ పౌడర్ లేదు. ఈ బ్యాటర్‌ని 8 అంగుళాల చదరపు టిన్నులో పోస్తే దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల మందంలో పరుచుకుంటుంది. అదే బ్యాటర్‌ని 9 అంగుళాల చదరపు టిన్నులో పోశామనుకోండి. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ 8 ఎనిమిదులు 64, 9 తొమ్మిదులు 81. చోటు పావు వంతు పైగా పెరిగింది, మందం అయిదో వంతు తగ్గింది. ఇక 25 నిమిషాలు అంటే ఎండబెట్టడమే. 18వ నిమిషం నుంచే చూస్తూ ఉండాలి. 7 అంగుళాల గుండ్రటి టిన్నులో పోస్తే కథ తిరగబడుతుంది. దాని వైశాల్యం 38 చదరపు అంగుళాల చిల్లరే. మందం రెండు సెంటీమీటర్లు దాటిపోతుంది, 25 నిమిషాలకి మధ్యలో ఇంకా జారుగానే ఉంటుంది.

అంటే టైము బ్యాటర్ ఎంతుంది అన్నదాని మీద కాకుండా అది ఎంత మందంగా ఉంది అన్నదాని మీద నడుస్తుంది. ఇది పట్టుబడితే చాలా పనులు తేలికవుతాయి. ఇద్దరే ఉన్న ఇంట్లో పై కొలతల్ని సగం చేసి, ఒకే గుడ్డుతో, 6 అంగుళాల చదరపు టిన్నులో పోయండి. 6 ఆర్లు 36, అంటే 64లో సగానికి కాస్త ఎక్కువ. మందం ఇంచుమించు అదే. కాబట్టి బ్యాటర్ సగమైనా టైము సగం అవదు, రెండు మూడు నిమిషాలు తగ్గుతుంది అంతే.

దీనికి ఉల్టాగా ఏమవుతుందో విజయవాడలో మా పిన్ని కూతురు చూసింది. ఇంటి దగ్గరే చిన్నచిన్న ఆర్డర్లు తీసుకుంటుంది. ఒక పుట్టినరోజుకి 36 ముక్కలు కావాలన్నారు. తన దగ్గరున్న పెద్ద టిన్ను 9 అంగుళాల చదరం. ముక్క ఒకటిన్నర అంగుళం అనుకుంటే ఆరు వరసలు, వరసకి ఆరు, లెక్క సరిపోయింది. ముక్కలు రెట్టింపు కదా అని కొలతలన్నీ రెట్టింపు చేసి ఒకే టిన్నులో పోసింది. ముందు రోజు సాయంత్రం ఫోను.

"అక్కా, 25 నిమిషాలకి మధ్యలో నీళ్లలా ఊగుతోంది. ఇంకో పావుగంట పెట్టా. ఇప్పుడు అంచులు బిస్కెట్ అయ్యాయి."

"మధ్యలో ఎలా ఉంది?"

"మధ్యలో బానే ఉంది. కానీ మొత్తం ఇవ్వాలిగా!"

ఇక్కడే అసలు చిక్కు. ఆరు ఆర్ల గడిలో అంచుకి తగిలే ముక్కలు 20, లోపలివి 16. అంచు ఎండిందంటే సగానికి పైగా ముక్కలు పోయినట్టే. వేడి టిన్ను గోడల నుంచి, అడుగు నుంచి లోపలికి నడుచుకుంటూ వెళ్లాలి. మామూలు మందానికి అది ఒకటిన్నర రెట్లు దాటింది. అది మధ్యకి చేరేలోపు అంచులు ఎప్పుడో అయిపోయి, ఎండుతూ కూర్చున్నాయి.

మళ్లీ చేసినప్పుడు రెండు మార్పులు చేసింది. కొలతలు రెట్టింపు కాకుండా ఒకటిన్నర రెట్లు, అంటే మూడు గుడ్లు. మందం మామూలు కంటే కాస్తే ఎక్కువ అయింది. వేడి 175 నుంచి 165కి దించింది. 24వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టి, 29కి దించింది. ముక్క కొంచెం పల్చన, కానీ అంచు ముక్కకీ మధ్య ముక్కకీ తేడా పెద్దగా లేదు. 36 ముక్కలూ డబ్బాలోకి వెళ్లాయి.

వేడి ఎందుకు దించమన్నానంటే, ఓవెన్ ఎంత వేడిగా ఉంటే అంచుకీ మధ్యకీ అంత దూరం పెరుగుతుంది. 190 దగ్గర అంచులు పరుగెడతాయి, మధ్య వెనకబడుతుంది. 160, 165 దగ్గర రెండూ ఇంచుమించు కలిసి నడుస్తాయి. పల్చటి బ్రౌనీకి 175 బాగుంటుంది, అంచు కాస్త కరకరలాడుతుంది, మధ్య మెత్తగా ఉంటుంది. రెండు సెంటీమీటర్లు దాటిన మందానికి మాత్రం 160 పెట్టి ఓపిక పట్టడమే మేలు. గాజు గిన్నెలో చేసేవాళ్లు కూడా ఓ 15 డిగ్రీలు తగ్గించుకోండి. గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది కానీ, ఒకసారి వేడెక్కాక బయట పెట్టినా ఉడికిస్తూనే ఉంటుంది. ఫ్యాన్ తిరిగే ఓటీజీ అయినా, మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ అయినా 15 నుంచి 20 తగ్గించాలి.

ఇంకో మాట. ఓటీజీ మీద తిప్పే మరలో 175 అని ఉన్నంత మాత్రాన లోపల 175 ఉందని కాదు. లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే మీ ఓవెన్ స్వభావం తెలుస్తుంది. ప్రీహీట్‌లో లైటు మొదటిసారి ఆరగానే టిన్ను పెట్టేయకండి. అప్పటికి గాలి వేడెక్కి ఉంటుంది, గోడలు ఇంకా ఎక్కవు. ఇంకో పది నిమిషాలు ఆగండి. పై రాడ్ దగ్గరగా ఉండి పైన మాడుతుంటే ఒక అరను కిందకి దించండి.

ఎప్పుడు దించాలి? గడియారం దగ్గరకి వెళ్లమని గుర్తు చేస్తుంది, అంతే. అయిందా లేదా అన్నది టూత్‌పిక్‌తో చూడాలి. సరిగ్గా మధ్యలో గుచ్చండి. పుల్లకి జారుడు బ్యాటర్ అంటుకుంటే ఇంకా టైముంది. తడితడిగా, ముద్దముద్దగా పొడి అంటుకుంటే వెంటనే దించండి, ఫడ్జీ అంటే అదే. పుల్ల శుభ్రంగా వచ్చిందంటే ఫడ్జీ దాటిపోయింది. కరిగిన చాక్లెట్ ముక్కలో గుచ్చితే తడిగా వచ్చి మోసం చేస్తుంది, పక్కన ఇంకోసారి గుచ్చి చూడండి. టిన్నుని కొద్దిగా కదిపినా తెలుస్తుంది. మధ్య భాగం నీళ్లలా ఊగకూడదు, తోడుకున్న పెరుగులా మెల్లగా కదలాలి. గుచ్చే థర్మామీటర్ ఉన్నవాళ్లకి మధ్యలో 85 డిగ్రీల చుట్టుపక్కల అంటే ఫడ్జీ, 95కి వెళ్లిందంటే ఆరిపోయినట్టు. మెత్తగా ఉంది కాబట్టి గుడ్డు పచ్చిగా ఉందేమో అని భయపడేవాళ్లకి కూడా ఈ అంకె ధైర్యం. గుడ్డుకి 71 డిగ్రీలు దాటితే చాలు.

దించిన వెంటనే కోసి చూసి "ఉడకలేదు" అని మళ్లీ లోపల పెట్టేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. వేడి మీద ఏ మంచి బ్రౌనీ అయినా జారుగానే ఉంటుంది. టిన్నులో ఉన్న వేడి ఇంకొన్ని నిమిషాలు ఉడికిస్తుంది. ఆ తర్వాత చల్లారేకొద్దీ వెన్న, చాక్లెట్‌లోని కోకో బటర్ గట్టిపడతాయి. ఆ చిక్కదనం అప్పుడు వస్తుంది. కోకో బటర్ 34 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. మే నెలలో విజయవాడ వంటగదిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి, అక్కడ గట్టు మీద పెడితే రాత్రయినా బిగుసుకోదు. పొగ పోయి గోరువెచ్చగా అయ్యాక ఫ్రిజ్‌లో ఒక గంట పెట్టి, అప్పుడు కోయండి. ప్రతి ముక్కకీ కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిస్తే అంచు నీటుగా వస్తుంది.

మరి కేకులా గుల్లగా ఇష్టపడేవాళ్లో? పైన చెప్పిన బ్యాటర్‌నే ఇంకో పది నిమిషాలు ఉంచితే కేకు అవుతుందనుకోవద్దు. ఎండిన ఫడ్జ్ అవుతుంది. గుల్లదనం కొలతల్లోంచి రావాలి. మైదా 65 నుంచి 110 గ్రాములకి పెంచండి, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్ వేయండి, గుడ్లు పంచదార కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి, రెండు చెంచాల పాలు పోయండి. ఇది పొంగుతుంది కాబట్టి టిన్ను గోడలు కాస్త ఎత్తుగా ఉండాలి. దీన్ని 175 దగ్గర పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఉంచాలి. ఈ బ్యాటర్‌ని ముందే దించేస్తే ఫడ్జీ కాదు, మైదా పచ్చివాసన వేస్తుంది.

గుడ్డు లేకుండా, పెరుగుతోనో కండెన్స్‌డ్ మిల్క్‌తోనో చేసేవాళ్లకీ ఇదే జాగ్రత్త. అక్కడ మధ్య భాగాన్ని నిలబెట్టడానికి గుడ్డు లేదు, ఆ పని మైదాయే చేయాలి, దానికి ఇంకా వేడి కావాలి. కాబట్టి 85 లెక్క వాళ్లకి పనికిరాదు. పుల్లకి ఒకటి రెండు పొడి రవ్వలు మాత్రమే అంటుకునేదాకా ఉంచి, ఫ్రిజ్‌లో చల్లార్చుకోవాలి.

ఈసారి కొత్త రెసిపీ చూసినప్పుడు టైము కంటే ముందు టిన్ను సైజు ఎక్కడుందో వెతకండి. మీ టిన్నుకి స్కేలు పెట్టి కొలిచి రెండు వైశాల్యాలూ పోల్చండి. మీది పెద్దదైతే రెసిపీ టైముకి ఏడెనిమిది నిమిషాల ముందే పుల్ల చేతిలోకి తీసుకోండి. చిన్నదైతే బ్యాటర్ తగ్గించండి, లేదా వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచండి. అయిందని తేలాక మీకు కుదిరిన టైమేంటో ఆ రెసిపీ పక్కనే రాసి పెట్టుకోండి, మీ ఓవెన్‌కీ మీ టిన్నుకీ అదే అసలు అంకె.