ఇంటిపేరు అంటే ఎవరి ఇంటిపేరు?

అమ్మానాన్నలకి విజిటర్ వీసా వేయించేటప్పుడు మనలో చాలామంది చేసే పనే ఇది. DS-160 ఫారంలోని గడుల పేర్లు తెలుగులో రాసి వాట్సాప్‌లో ఇండియాకి పంపిస్తాం, అమ్మ జవాబులు రాసి పంపుతుంది, మనం ఇక్కడ కూర్చుని నింపుతాం. నేనూ అలాగే చేశాను. Surnames అన్న చోట "ఇంటిపేరు" అని రాశాను. ఒక్క మాట, అందరికీ తెలిసిందే అనుకున్నా.

అమ్మ మా నాన్నగారి ఇంటిపేరు రాసింది. పెళ్లయ్యాక ఆవిడ ఇంటిపేరు అదే కదా, తప్పేముంది? కానీ పాస్‌పోర్ట్‌లో Surname గడి ఖాళీ. Given Name దగ్గర మాత్రం వెంకటలక్ష్మి అని ఉంది. అలాంటి పాస్‌పోర్ట్‌కి ఫారంలో Surnames దగ్గర ఆ పేరంతా రాసి, Given Names దగ్గర FNU అని వేయాలి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. నేను చూసుకోకుండా సబ్మిట్ కొట్టేశాను. సబ్మిట్ చేసిన ఫారం దిద్దడానికి ఉండదు. మళ్లీ కొత్త ఫారం, కొత్త కన్ఫర్మేషన్ నంబరు, అపాయింట్‌మెంట్‌లో ఆ నంబరు మార్పించుకోవడం!

ఇప్పుడు నేను రాసేది "పాస్‌పోర్ట్‌లో ఉన్న Surname" అని. కాస్త పొడుగే, కానీ ఆలోచించకుండా చూసి రాసేస్తారు. అదే ఫారంలో ఇంకెప్పుడైనా వేరే పేర్లు వాడారా అన్న ప్రశ్న ఉంటుంది. దాన్ని "వేరే పేర్లు" అంటే ముద్దుపేరు చెప్తారు. "పెళ్లికి ముందు పేరు, వాడిన ఇతర పేర్లు" అనండి, పుట్టింటి ఇంటిపేరు దానంతట అదే గుర్తొస్తుంది.

ఈమెయిల్ సబ్జెక్ట్ లైన్ దగ్గర ఇంకో గొడవ. ఇక్కడి లాయరు Response due by 05/06 అని పంపారనుకోండి. ఇక్కడ అది మే 6. దాన్ని అలాగే "05/06 లోపు" అని మీ తమ్ముడికి పంపితే, అక్కడ అతను జూన్ 5 అనుకుని నెల రోజులు నిదానంగా ఉంటాడు. నెల పేరు అక్షరాల్లో రాసినా "మే 6 లోపు" అంటే ఆరో తారీకు కలుస్తుందా లేదా అన్న అనుమానం మిగులుతుంది. "వరకు" అన్నా అంతే. "మే 6 ఆఖరి రోజు" అనండి. ఒక్క మాటే పెరిగింది, అనుమానం పోయింది. ఏం పంపాలో కూడా ముందే పెట్టండి: "నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్ – మే 6 ఆఖరి రోజు". ఫోన్‌లో సబ్జెక్ట్ చివరి భాగం తెగిపోతుంది కాబట్టి "ముఖ్యం", "అర్జెంట్" అంటూ మొదలుపెట్టి చోటు పాడుచేయకండి.

పంపేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్ చేసి "అమ్మా, ఈ గడిలో ఏం రాస్తావు?" అని అడగండి. "అర్థమైందా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకి మా అమ్మ ఎప్పుడూ అవుననే అంటుంది.