మొదటి జీతం... మూడు వాటాలు

ఆఫర్ లెటర్లో ఏడాదికి 3 లక్షల 60 వేలు అని ఉంటుంది. పన్నెండుతో భాగిస్తే నెలకు 30 వేలు. ఇంట్లో అందరూ ఆ లెక్కే వేసుకుంటారు. అమ్మ పక్కింటావిడకు చెప్పేదీ అదే అంకె. తీరా నెలాఖరున బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లో 25 వేలే కనిపిస్తాయి. ‘కంపెనీ మోసం చేసిందా?’ అన్న అనుమానం మొదలవుతుంది. మోసమేమీ లేదు. ఖర్చుల లెక్క మొదలుపెట్టాల్సింది ఆఫర్ లెటర్ నుంచి కాదు, పే స్లిప్ నుంచి. అంతే తేడా.

తెనాలి నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన ఓ కుర్రాడి పే స్లిప్ చూద్దాం. ఆ 30 వేలలో 1,800 కంపెనీ తన వంతుగా కట్టే ప్రావిడెంట్ ఫండ్. దాదాపు 720 గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది. పర్మినెంటు ఉద్యోగులకు అది మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాకే చేతికి వస్తుంది. మరో 480 ఆరోగ్య బీమా ప్రీమియం. ఇవి పోగా మిగిలేది 27 వేలు. అందులోంచి ఉద్యోగి వంతు పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 కోస్తారు. ఈ స్థాయి జీతానికి కొత్త విధానంలో ఆదాయపన్ను పడదు. చివరికి చేతికొచ్చేది 25 వేలు. ఇక నుంచి లెక్కలన్నీ ఈ అంకె మీదే.

సగం, ముప్ఫై, ఇరవై

జీతాన్ని ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకు బాగా ప్రచారంలో ఉన్న జవాబు 50-30-20 సూత్రం. అమెరికాకు చెందిన ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి 2005లో రాసిన పుస్తకంతో ఇది జనంలోకి వెళ్లింది. పన్నులు పోగా చేతికొచ్చిన దాంట్లో సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు అన్నది దాని సారాంశం. మన కుర్రాడికైతే అది 12,500, 7,500, 5,000 అవుతుంది.

ఏది అవసరం, ఏది సరదా అన్న దగ్గరే చాలామంది తడబడతారు. దానికో తేలికైన పరీక్ష ఉంది. రేపు ఉద్యోగం పోయినా వచ్చే నెల కట్టక తప్పనిది అవసరం. ఆపేస్తే బాధ కలుగుతుందే తప్ప బతుకు ఆగదనిపించేది సరదా. హాస్టల్ ఫీజు అవసరం, ఆదివారం బిర్యానీ సరదా. మొబైల్ రీచార్జ్ అవసరం, కొత్త మొబైల్ సరదా.

ఇంటికి పంపేది ఏ ఖాతాలో?

ఆ సూత్రం అమెరికా సంసారాలను చూసి రాసింది. మన ఇళ్లలో మొదటి జీతం అందుకున్నవాడికి ఇంకో బాధ్యత కూడా ఉంటుంది. ఇంటికి పంపే డబ్బు మూడు వాటాల్లో దేంట్లోకి వస్తుంది? అది దేనికి ఖర్చవుతుందో చూస్తే జవాబు తెలిసిపోతుంది. నాన్న మందులకు, ఇంటి అద్దెకు, తమ్ముడి ఫీజుకు వెళ్తే అవసరం. మూడేళ్ల తర్వాత చెల్లెలి పెళ్లి కోసమని అమ్మ దాచిపెడితే పొదుపు. పండక్కి అమ్మకు చీర కొంటే సరదా. అది ఎంత ప్రేమతో చేసినా సరే.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ విషయం ఎవరూ నోరు తెరిచి మాట్లాడుకోరు. ‘నీకు తోచినంత పంపు నాన్నా’ అంటారు పెద్దవాళ్లు. మొదటి నెల మొహమాటానికి పది వేలు పంపి, ఇరవయ్యో తేదీకి స్నేహితుడి దగ్గర చేయి చాస్తాడు కుర్రాడు. మూడో నెలకు రెండు వేలే పంపగలుగుతాడు. పది వేలు వస్తాయనుకుని అక్కడ చీటీ కట్టడం మొదలుపెట్టిన తండ్రి ఇబ్బంది పడతాడు. అందుకే ఉద్యోగంలో చేరిన తొలి రెండు నెలల్లోనే ఓ మాట అనుకోవాలి. ‘నాన్నా, ఇంట్లో ప్రతి నెలా తప్పనిసరిగా ఎంత తగ్గుతోంది?’ అని అడిగి, ఒక అంకె తేల్చుకోవాలి. ఎప్పుడో ఒకసారి వచ్చే పది వేల కన్నా ప్రతి నెలా తప్పకుండా వచ్చే నాలుగు వేలే ఇంటికి ఎక్కువ ఆసరా.

మన కుర్రాడి లెక్క

ముగ్గురు ఉండే గదిలో భోజనంతో కలిపి హాస్టల్‌కు 8,000. బస్సు పాసు, షేర్ ఆటోలకు 2,000. ఫోను రీచార్జ్‌కు 400. సబ్బులు, మందులు, బట్టల ఉతుకు వంటి వాటికి 1,100. ఇక్కడికి 11,500 అయింది. ఇంటికి పంపాలని తేల్చుకున్న 4,000 కలిపితే 15,500. అంటే చేతికొచ్చే దాంట్లో 62 శాతం. సూత్రం చెప్పిన సగం ఎప్పుడో దాటిపోయింది.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని, పెరిగిన ఆ మూడు వేలను పొదుపులోంచి తీసేయడం. ‘జీతం పెరిగాక దాచుకుందాంలే’ అనుకుంటారు. తీయాల్సింది సరదాల వాటాలోంచి. ఇక్కడ లెక్క 62-18-20 అవుతుంది. అవసరాలకు 15,500, సరదాలకు 4,500, పొదుపుకు 5,000. సరదాల వాటాకు సాగే గుణం ఉంది. సినిమా ఒకటి తగ్గినా నష్టం లేదు. పొదుపు ఆగితే మాత్రం జ్వరంతో పది రోజులు మంచాన పడినప్పుడో, ఉద్యోగం ఊడినప్పుడో ఆదుకునేది ఉండదు.

హాస్టల్, ప్రయాణం ఖర్చులు తగ్గించే వీలుందేమో ఒకసారి చూసుకోవచ్చు. అయితే హాస్టల్లో వెయ్యి తగ్గుతుందని ఊరి చివరికి మారితే, ఆ వెయ్యీ ఆటోలకే పోవచ్చు. రెండూ కలిపి లెక్కేశాకే గది మారాలి.

జీతం పడిన మర్నాడే

‘నెలాఖరుకు మిగిలింది దాచుకుందాం’ అనుకునేవారికి నెలాఖరుకు మిగిలేది సాధారణంగా ఏమీ ఉండదు. కాబట్టి వాటాలు విడదీసే పని జీతం పడిన మర్నాడే జరిగిపోవాలి. జీతం ఒకటో తేదీన వస్తే, రెండో తేదీకే 5,000 రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా బ్యాంకుకు చెప్పి పెట్టుకోవచ్చు. ఇంటికి పంపేదీ అదే రోజు పంపేయాలి.

సరదాల 4,500ను వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చుకుని, ఫోనులో యూపీఐకి ఆ ఖాతానే జతచేసుకోవడం మంచి ఉపాయం. స్కాన్ చేసి కట్టేటప్పుడు జేబులోంచి నోటు తీసినట్టు అనిపించదు. టీ, సమోసా, క్యాబ్ అంటూ చిన్నచిన్నగా పోతూనే ఉంటాయి. విడి ఖాతా అయితే ఎంత మిగిలిందో ఒక్క చూపులో తెలుస్తుంది. వారానికి వెయ్యి చొప్పున నాలుగు వేలు వాడుకుని, మిగతా 500 కదపకుండా ఉంచితే ఏడాదికి 6,000. సంక్రాంతికి బస్సు చార్జీలు రెట్టింపైనా, ఇంట్లో బట్టలు పెట్టాలన్నా అప్పు చేయక్కర్లేదు.

మొదటి నెల లెక్క మాత్రం కుదరదు. చేరింది నెల మధ్యలో అయితే జీతం సగమే వస్తుంది. హాస్టల్ అడ్వాన్సు, పరుపు, బకెట్టు, ఆఫీసు బట్టలు అన్నీ అప్పుడే. ఆ నెల ప్రతి ఖర్చూ చిన్న పుస్తకంలో రాసుకుంటే చాలు. రెండో నెల వాటాలకు అదే ఆధారం.

ఆ అయిదు వేలు ఎక్కడ?

ముందుగా కావాల్సింది అక్కర నిధి. మూడు నెలల అవసరాలకు సరిపడా, అంటే ఇక్కడ 46,500. నెలకు అయిదు వేల చొప్పున పది నెలల్లో సమకూరుతుంది. దీనికి బ్యాంకు రికరింగ్ డిపాజిట్ బాగుంటుంది. మధ్యలో మూసేయాల్సి వస్తే వడ్డీ కొంత తగ్గుతుంది కానీ డబ్బు చేతికొస్తుంది. పోస్టాఫీసులో ఐదేళ్ల ఆర్‌డీ సురక్షితమైనదే, కానీ మూడేళ్లు నిండేదాకా దాన్ని మూసే వీల్లేదు. కాబట్టి అక్కర నిధికి అది పనికిరాదు.

ఈ పది నెలలూ షేర్లు, మ్యూచువల్ ఫండ్ల జోలికి వెళ్లకపోయినా కొంప మునగదు. ఎలాగూ పీఎఫ్ ఖాతాలో ఇద్దరి వంతూ కలిపి నెలకు 3,600 జమవుతోంది. అందులో 1,250 పింఛను పథకానికి వెళ్తుంది. ఉద్యోగం మారినప్పుడు ఈ సొమ్మును తీసి ఖర్చు పెట్టకుండా అదే యూఏఎన్ కింద కొత్త కంపెనీకి బదిలీ చేసుకోవాలి. అక్కర నిధి పూర్తయ్యాక, ఐదేళ్లకు పైగా అక్కర్లేని డబ్బును ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా పెట్టొచ్చు. రెండు మూడేళ్లలో పై చదువుకో, పెళ్లికో కావాల్సిన డబ్బు మాత్రం డిపాజిట్‌లోనే ఉండాలి.

లెక్క తప్పేది ఇక్కడే

ముప్ఫై వేల ఫోను వడ్డీ లేని వాయిదాల్లో ఇస్తామంటారు. నెలకు 2,500, పన్నెండు నెలలు. నెలనెలా కట్టక తప్పదు కాబట్టి చాలామంది దాన్ని అవసరాల్లో రాసుకుంటారు. అది సరదాల వాటాలోదే. అలా రాస్తే 4,500లో మిగిలేది రెండు వేలని, వారానికి ఐదొందలతో ఏడాదంతా గడపాలని అప్పుడు తెలుస్తుంది. గడపగలనంటే కొనుక్కోవచ్చు. లేదంటే ఆగడమే నయం.

క్రెడిట్ కార్డు బిల్లులో ‘కనీస మొత్తం’ అని ఓ చిన్న అంకె ఉంటుంది. అది కడితే ఆలస్యపు రుసుము తప్పుతుందే తప్ప, మిగిలిన బాకీపై వడ్డీ ఆగదు. చాలా కార్డుల్లో ఆ వడ్డీ నెలకు మూడు శాతం పైనే. పూర్తి బిల్లు కట్టలేని నెల వచ్చిందంటే సరదాల వాటా దాటిపోయిందని అర్థం. అలాంటి నెల వస్తే కార్డు ఇంట్లో పెట్టి, ముందు ఆ బాకీ తీర్చాలి. విద్యారుణం వాయిదా మాత్రం అవసరాల్లోకే వస్తుంది. దానికి అదనంగా కట్టేది పొదుపు కింద లెక్క.

లెక్క సరిగ్గా నడుస్తోందో లేదో చెప్పడానికి ఇరవయ్యో తేదీ చాలు. ఆ రోజు సరదాల ఖాతాలో వెయ్యికి పైగా ఉండి, ఆర్‌డీ చెక్కుచెదరకుండా ఉంటే అంతా సవ్యమే. వరుసగా రెండు నెలలు ఆ ఖాతా ఖాళీ అయితే అంకెలు మళ్లీ వేసుకోవాలి. ఏడాది తర్వాత జీతం 28 వేలైందనుకుందాం. పెరిగిన మూడు వేలలో సగం పొదుపుకు, సగం సరదాలకు పంచితే పొదుపు 6,500, సరదాలు 6,000 అవుతాయి. అవసరాలు 15,500 దగ్గరే నిలిస్తే వాటి వాటా 62 నుంచి 55 శాతానికి దిగుతుంది. సూత్రం చెప్పిన సగానికి చేరువయ్యే దారి అదే.