ఈఎంఐలో అసలెంత? వడ్డీ ఎంత?

భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు ఉద్యోగాలు చేసేవారిలో ఖమ్మంలో ఇల్లు కొనుక్కునేవారు కనిపిస్తారు. పిల్లల చదువులు ఒక కారణం. చట్టం మరో కారణం. భద్రాచలం ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో చేసిన మార్పు (దాన్నే అందరూ 1/70 అంటారు) ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనేతరుల పేరున బదిలీ కాదు. కాబట్టి బ్యాంకులో తాకట్టు పెట్టి, అప్పు తీసుకుని ఇల్లు కొనాలనుకునే గిరిజనేతర ఉద్యోగి చూపు ఖమ్మం వైపు మళ్లుతుంది. కొలువు అడవి అంచున, అప్పు ఖాతా ఖమ్మంలో. నెలనెలా జీతంలోంచి వాయిదా దానంతటదే వెళ్లిపోతుంది. అప్పు కాగితాలు మాత్రం బీరువాలోనే ఉండిపోతాయి.

అలాంటి ఒక ఆశ్రమ పాఠశాల మాస్టారిని ఉదాహరణగా తీసుకుందాం. 2022 మొదట్లో 20 లక్షల గృహరుణం తీసుకున్నారు. వడ్డీ 7 శాతం, గడువు 20 ఏళ్లు, అంటే 240 వాయిదాలు. ఈఎంఐ 15,506 రూపాయలు. ఒక ఆదివారం ఆయన భార్య ఫైలు తెరిచి, బ్యాంకు ఇచ్చిన వాయిదాల పట్టిక చూశారు.

‘‘ఏమండీ, మొదటి నెల పదిహేను వేల అయిదొందలు కడితే అప్పు మూడు వేల ఎనిమిది వందలే తగ్గుతుందట. మిగతాదేమైనట్టు?’’

మాస్టారి దగ్గర జవాబు లేదు. పట్టికలో మాత్రం ఉంది.

నూటికి 58 పైసలు

వాయిదాల పట్టికలో ప్రతి నెలకూ ఒక వరుస ఉంటుంది. అందులో నాలుగు అంకెలు ముఖ్యం: ఈఎంఐ, దానిలో వడ్డీ భాగం, అసలు భాగం, ఇంకా మిగిలిన బాకీ. ఈ నాలుగూ ఎలా వస్తాయో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. ఊళ్లో నూటికి రూపాయి, రెండు రూపాయలు అని వడ్డీ చెప్పుకుంటామే, ఆ పద్ధతి చాలు. ఏడాదికి 7 శాతమంటే నెలకు నూటికి 58 పైసల పైచిలుకు. 20 లక్షలకు మొదటి నెల వడ్డీ 11,667 రూపాయలు. ఈఎంఐ 15,506లోంచి అది పోగా మిగిలిన 3,839 రూపాయలే అసలులో జమ. బాకీ 19,96,161కి దిగుతుంది.

రెండో నెల అదే 58 పైసలు, కాకపోతే ఈ కొత్త బాకీ మీద. వడ్డీ 11,644 అవుతుంది, అంటే 23 రూపాయలు తక్కువ. ఆ 23 అసలు వైపు చేరి, ఈసారి 3,862 జమవుతుంది. ఇలా ప్రతి నెలా వడ్డీ కాస్త తగ్గుతూ, అసలు కాస్త పెరుగుతూ పోతాయి. కట్టే మొత్తం మారదు, దాని లోపలి వాటాలే మారతాయి.

‘బ్యాంకువాళ్లు ముందు వడ్డీ అంతా లాగేసుకుంటారు’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సరికాదు. ముందున్న ఏళ్ల వడ్డీని ముందే తీసుకోవడం లేదు. ఆ నెలలో వాడుకున్న సొమ్ముకు ఆ నెల వడ్డీనే పడుతోంది. మొదట్లో వాడుకుంటున్న సొమ్ము పెద్దది కాబట్టి వడ్డీ కూడా పెద్దది, అంతే.

మరి ఏడాది తిరిగేసరికి? మాస్టారు కట్టేది 1,86,072 రూపాయలు. అందులో వడ్డీ 1,38,493, అసలు 47,579. రూపాయిలో ముప్పావలా వడ్డీకే పోయినట్టు. అయిదేళ్లకు కట్టింది 9 లక్షల 30 వేలు దాటినా, తగ్గిన అప్పు 2 లక్షల 75 వేలే. వడ్డీ కంటే అసలు ఎక్కువగా జమయ్యే మొదటి వాయిదా 122వది, అంటే పదేళ్లు దాటాక. అప్పు సగానికి దిగేది 13 ఏళ్ల 3 నెలలకు.

పట్టిక వేరు, స్టేట్‌మెంటు వేరు

పట్టిక అప్పు ఇచ్చేనాటి అంచనా. వడ్డీ రేటు మారకుండా ఉంటే ఏం జరుగుతుందో అది చెబుతుంది. నిజంగా ఏం జరిగిందో చెప్పేది అప్పు ఖాతా స్టేట్‌మెంటు. అందులో సాధారణంగా నెలకు రెండు పద్దులు కనిపిస్తాయి. వడ్డీ పడ్డ రోజున బాకీ పెరుగుతుంది, ఈఎంఐ జమైన రోజున తగ్గుతుంది. ఈ రెండింటి తేడాయే ఆ నెల అసలులో జమైన సొమ్ము.

ఇక్కడ ఒక చిన్న సంగతి. చాలా బ్యాంకులు రోజువారీ బాకీ మీద వడ్డీ కడతాయి. అప్పుడు 20 లక్షల మీద 31 రోజుల నెలకు 11,890 రూపాయలు, 28 రోజుల ఫిబ్రవరికి 10,740 పడుతుంది. పట్టికతో పోలిస్తే ఇలా ఒక నెల రెండు వందలు ఎక్కువ, మరో నెల తొమ్మిది వందలు తక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు. కానీ నెలనెలా తేడా ఒకే వైపు పెరుగుతూ పోతుంటే, రేటు మారిందని అర్థం.

మాస్టారి విషయంలో జరిగింది అదే. ఆయనది మారే వడ్డీ రేటు, రెపో రేటుకు ముడిపడినది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును ఆరు విడతల్లో 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. ఆ రెండున్నర శాతమూ కలిస్తే 7 శాతం అప్పు 9.5 శాతమైంది. నూటికి 58 పైసలు కాస్తా 79 పైసలైంది. ఈఎంఐ మాత్రం మారలేదు. జీతంలోంచి అదే 15,506 పోతోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఈ పెంపంతా ఏడాది చివర ఒకేసారి పడిందనుకుందాం. అప్పటికి బాకీ 19,52,421. దాని మీద 9.5 శాతం చొప్పున నెల వడ్డీ 15,457. ఈఎంఐలో అసలుకు మిగిలింది 49 రూపాయలు! అదే ఈఎంఐ, అదే రేటు కొనసాగితే ఆ అప్పు తీరడానికి 60 ఏళ్లు దాటుతుంది. నిజానికి పెంపు మధ్యలోనే మొదలైంది కాబట్టి, ఆ ఏడాది అసలు ఇంకా తక్కువే తగ్గి ఉంటుంది. అప్పుడు ఈఎంఐ వడ్డీకి కూడా చాలదు. కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది. వాయిదా తప్పకుండా కడుతున్నా అప్పు పెరుగుతూ పోతుంది.

19 ఏళ్లలోనే అప్పు తీరాలంటే ఈఎంఐ 18,525కు పెంచుకోవాలి, అంటే నెలకు మూడు వేల పైన అదనం. భారమే. కానీ ఆ భారం ఉందన్న సంగతి తెలియకపోవడం మరింత ఖరీదైనది.

అడిగే హక్కు

ఇలా గడువులు చడీచప్పుడు లేకుండా సాగిపోతుండటంతో 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ మీద, గడువు మీద దాని ప్రభావమేమిటో బ్యాంకు తెలియజేయాలి. ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంత కొంతా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. గడువు పెంచడం వల్ల వాయిదా వడ్డీకి కూడా చాలని పరిస్థితి రాకూడదు. పైగా ప్రతి మూడు నెలలకూ ఒక స్టేట్‌మెంటు అందుబాటులో ఉంచాలి. ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ ఎంత, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయి, వార్షిక వడ్డీ రేటు ఎంత అన్నవి అందులో ఉండాలి.

ఆ కాగితంలో మొదట చూడాల్సింది ఈఎంఐ కాదు, మిగిలిన వాయిదాల సంఖ్య. మూడు నెలల కిందటి సంఖ్య కంటే మూడు తగ్గితే బండి దారిలోనే ఉంది. తగ్గకపోయినా, పెరిగినా గడువు సాగిందన్నమాట. తర్వాత బాకీని వడ్డీ రేటుతో గుణించి, వందతో భాగించి, మళ్లీ 12తో భాగిస్తే నెల వడ్డీ వస్తుంది. దాన్ని ఈఎంఐలోంచి తీసేస్తే అసలుకు మిగిలేది తెలుస్తుంది. ఆ అంకె వందల్లోకి దిగిందంటే ఇక ఆలస్యం చేయకుండా ఈఎంఐ పెంచమని బ్యాంకుకు రాసివ్వాలి.

రేట్లు తగ్గినప్పుడు కూడా ఇదే పరీక్ష. 2025లో రెపో రేటు విడతలుగా తగ్గి డిసెంబరుకు 5.25 శాతానికి వచ్చింది. రెపోకు ముడిపడిన అప్పుల రేటును బ్యాంకులు కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. ఈఎంఐ తగ్గలేదని నిరాశ పడేముందు వాయిదాల సంఖ్య చూడాలి. తగ్గింపు అక్కడికి చేరి ఉండొచ్చు. రెండింట్లోనూ కనిపించకపోతే అప్పుడు బ్యాంకును అడగాలి.

ముందు కట్టిన యాభై వేలు

మొదట్లో వడ్డీ ఎక్కువన్న నిజానికి మరో వైపు కూడా ఉంది. మాస్టారి చేతికి బకాయి జీతం 50 వేలు వచ్చిందనుకుందాం. రేటు 7 శాతమే ఉన్నదనుకుని, మొదటి ఏడాది చివర దాన్ని అసలులో కడితే దాదాపు 12 వాయిదాలు ఎగిరిపోతాయి. ఆ 50 వేలు పోను మిగిలే లాభం సుమారు లక్షా 32 వేలు. అదే సొమ్ము పదిహేనేళ్లయ్యాక కడితే తగ్గేవి నాలుగున్నర వాయిదాలు, మిగిలేది 20 వేలు. తొందరగా కట్టిన రూపాయి ఎక్కువ కాలం వడ్డీని ఆపుతుంది. వ్యక్తులు తీసుకున్న మారే రేటు గృహరుణాన్ని ముందే తీర్చేస్తే రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది.

అయితే కట్టేటప్పుడు ఒక మాట రాసివ్వడం మరచిపోకూడదు: ‘ఈఎంఐ అలాగే ఉంచి, గడువు తగ్గించండి’ అని. లేదంటే కొన్నిచోట్ల గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గిస్తారు. నెల ఖర్చుకు కాస్త వెసులుబాటు దొరుకుతుంది గానీ, వడ్డీలో ఇంత ఆదా ఉండదు. తర్వాతి స్టేట్‌మెంటులో వాయిదాల సంఖ్య తగ్గిందో లేదో చూసుకున్నాకే ఫైలును మళ్లీ బీరువాలో పెట్టాలి.